ముప్పై నుంచి ఒక్కటి: నా ఘన సమీకరణాల నోట్‌బుక్, ఈ వారం

గాజువాక నుంచి మద్దిలపాలెం వెళ్లే బస్సులో సీటు దొరికితే ఒక ఘన సమీకరణం ముందేసుకుంటాను. కాలిక్యులేటర్ వాడను, జేబులో పట్టే నోట్‌బుక్కూ పెన్నూ చాలు. ఈ మధ్య రేషనల్ రూట్ సిద్ధాంతం మీదే ఉన్నాను. ఈ వారం చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇది:

6x³ + x² − 30x + 24 = 0

గుణకాలన్నీ పూర్ణసంఖ్యలు కాబట్టి సిద్ధాంతం వర్తిస్తుంది. మూలం p/q అనుకుందాం, పైనా కిందా ఇక కొట్టేయడానికి ఏమీ మిగలని రూపంలో. అప్పుడు p చివరి 24ని, q మొదటి 6ని శేషం లేకుండా భాగించాలి. జాబితాను q వారీగా రాసుకుంటే ఒకే భిన్నం రెండుసార్లు రాదు. q = 1 అయితే 1, 2, 3, 4, 6, 8, 12, 24. q = 2 అయితే 1/2, 3/2 మాత్రమే, ఎందుకంటే p బేసి కావాలి. q = 3 అయితే 1/3, 2/3, 4/3, 8/3. q = 6 అయితే ఒక్క 1/6. మొత్తం 15, ప్లస్ మైనస్ రెండూ కలిపితే 30.

ముప్పై భిన్నాలను ఒక్కోటీ ప్రతిక్షేపిస్తూ పోతే దారిలో ఎన్ఏడీ జంక్షన్ దాటినా తేలదు. అందుకే ముందు రెండు విలువలే కడతాను.

f(1) = 6 + 1 − 30 + 24 = 1
f(−1) = −6 + 1 + 30 + 24 = 49

p/q మూలమైతే f(x) = (qx − p)·g(x) అని రాయొచ్చు, g గుణకాలు కూడా పూర్ణసంఖ్యలే అవుతాయి (ఇది గౌస్ లెమ్మా ఇచ్చే హామీ). ఇందులో x = 1 పెడితే p − q అనేది f(1)ని భాగించాలి. x = −1 పెడితే p + q అనేది f(−1)ని భాగించాలి. q ఎప్పుడూ ధనాత్మకం, గుర్తు p మీదే ఉంచుతాను.

ఇక్కడ f(1) = 1. అంటే పైసంఖ్యకూ కిందిసంఖ్యకూ తేడా సరిగ్గా ఒకటే ఉండాలి. రుణ భిన్నాలన్నీ ఒక్క దెబ్బకు పోయాయి, p మైనస్ అయితే తేడా కనీసం రెండు కదా. మిగిలినవి 2, 1/2, 3/2, 2/3, 4/3. ఇప్పుడు p + q చూస్తే వరసగా 3, 3, 5, 5, 7. వీటిలో 49ని భాగించేది 7 ఒక్కటే. 4/3 తప్ప ఇంకేదీ మిగల్లేదు.

సింథటిక్ డివిజన్:

```
4/3 |  6    1   -30    24
    |       8    12   -24
    ----------------------
       6    9   -18     0
```

శేషం సున్నా. మిగిలిన 6x² + 9x − 18ని 3తో భాగిస్తే 2x² + 3x − 6 = 0. దాని మూలాలు (−3 ± √57)/4, అంటే సుమారు 1.137, −2.637. ఇవి కరణీయ సంఖ్యలు, జాబితాలో ఎంత వెతికినా దొరకవు.

ఎంవీపీ కాలనీలో ఉండే మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఈ లెక్క చూపిస్తే, "మావయ్యా, ఇంత దేనికి? గుర్తు మారిన చోట వెతికితే సరిపోదా?" అంది. మంచి ప్రశ్న. ఇద్దరం కూర్చుని కట్టాం: f(0) = 24, f(1) = 1, f(3/2) = 1.5, f(2) = 16. అన్నీ ధనాత్మకమే. చూసినవాళ్లెవరైనా ధన మూలాలు లేవనే అనుకుంటారు. నిజానికి 1.137, 4/3 రెండూ 1కీ 3/2కీ మధ్యే ఇరుక్కుని ఉన్నాయి. f(1.25) కడితే −0.21875 వచ్చింది, అప్పుడు తను ఒప్పుకుంది. గుర్తు మారితే మూలం ఉన్నట్టే, మారకపోతే లేనట్టు కాదు. భాజక పరీక్షకు ఈ ఇబ్బంది లేదు, అది కొట్టేసిన భిన్నం కచ్చితంగా మూలం కాదు.

కానీ పరీక్ష దాటినంత మాత్రాన మూలమైపోదు. x³ − 2x + 2 తీసుకోండి. f(1) = 1, f(−1) = 3. x = 2కి తేడా 1, మొత్తం 3, రెండు చోట్లా పాసైంది. తీరా కడితే f(2) = 6. అందుకే చివర్లో సింథటిక్ డివిజన్ తప్పదు.

f(1) విలువ 60 లాంటిదైతే దానికి భాజకాలు ఎక్కువ కాబట్టి జల్లెడ వదులుగా ఉంటుంది. అలాంటప్పుడు f(2) కూడా కట్టి p − 2q దాన్ని భాగిస్తుందా అని చూస్తాను. మన లెక్కలో 4/3కి అది −2, f(2) = 16, సరిపోయింది. f(1) సున్నా వస్తే 1 మూలమే. ముందు (x − 1)తో భాగించేస్తే మిగిలేది వర్గ సమీకరణం, జాబితాతో పనే ఉండదు.

వచ్చే వారం మొదటి గుణకం 12 ఉన్నవి పట్టుకుంటాను. అక్కడ q = 4, 12 కూడా జాబితాలోకి వస్తాయి, కాబట్టి f(1), f(−1)లతో పాటు f(2)ని కూడా మొదట్లోనే కట్టేయాలనుకుంటున్నాను.