ఖాళీగా ఉన్న మెషీన్ల ఖర్చు ఎవరి పద్దులో రాయాలి?

జీడిమెట్లలో ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ ఒకదానికి నేను ఉత్పత్తి ఖర్చుల లెక్కలు చూస్తాను. నాలుగు మెషీన్లు. అద్దె, తరుగుదల, జీతాలు కలిపి నెలకు స్థిర ఖర్చు 12 లక్షలు. బడ్జెట్‌లో 1,600 మెషీన్ గంటలు నడుస్తాయనుకుని గంటకు 750 రూపాయలు వేశాం. మొన్నొక నెల నడిచింది 1,200 గంటలే.

ఓనర్ గారు వెంటనే, "12 లక్షల్ని 1,200తో భాగిస్తే గంటకు వెయ్యి పడుతోంది. కొటేషన్లన్నీ ఆ రేటుకే మార్చేయండి" అన్నారు. వద్దన్నాను. రేటు పెంచితే ఉన్న ఆర్డర్లూ పోతాయి, గంటలు ఇంకా తగ్గుతాయి, వచ్చే నెల రేటు ఇంకా పెంచాల్సి వస్తుంది. నడిచిన 1,200 గంటలకు 750 చొప్పున 9 లక్షలు ఉత్పత్తి మీద వేశాను. మిగిలిన 3 లక్షలు ఖాళీ సామర్థ్యం ఖర్చు. అది ఎవరిదో తేల్చడమే నా పని.

షిఫ్టు లాగ్‌బుక్ ముందేసుకుని ఆ 400 గంటలకూ కారణాలు రాశాను. 240 గంటలు ఒక పెద్ద కస్టమర్ షెడ్యూల్ తగ్గించడం వల్ల పోయాయి. 90 గంటలు వాళ్ల మౌల్డ్ రిపేరు నుంచి తిరిగొచ్చేదాకా ఆగాం. 70 గంటలు మా హైడ్రాలిక్ పంపు చెడిపోయి పోయాయి. ఈ మూడోది, 52,500 రూపాయలు, నిస్సందేహంగా మాదే. మౌల్డ్ దగ్గర తొందరపడకూడదు: వాడకం వల్ల అరిగితే కస్టమర్‌ది, మేం బిగించడంలో తేడా చేసి విరిగితే మాది. మౌల్డ్‌ను ఎన్నిసార్లు వాడామో చెప్పే షాట్ల రికార్డు చూస్తే అది అరుగుదలే. కాబట్టి ఆ 67,500 వాళ్లదే.

అసలు పేచీ 240 గంటల మీద, అంటే 1,80,000. రెండు మెషీన్లు మాకే ఉంచండని చెప్పింది వాళ్లే. అయినా పర్చేజ్ ఆర్డర్‌లో కనీస గంటల మాట లేదు కాబట్టి పాత నెలకు పైసా ఇవ్వలేదు, మౌల్డ్ ఆగినదానికి కూడా. కొత్త ఆర్డర్‌లో మాత్రం షరతు పెట్టించాం: కేటాయించిన గంటల్లో 80 శాతం కన్నా తక్కువ వాడితే ఆ లోటుకు స్థిర ఖర్చు వాళ్లదే, ఆ గంటలు మేం వేరేవాళ్లకు అమ్ముకుంటే తీసుకోం.

స్టాకు విలువలోనూ ఈ 3 లక్షలు కలపలేదు. స్టాకు విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 ప్రకారం స్థిర ఉత్పత్తి ఖర్చును సాధారణ సామర్థ్యం మీదే పంచాలి, ఉత్పత్తి తగ్గిందని ఒక్కో వస్తువు మీద భారం పెంచకూడదు. మాకు గత కొన్నేళ్ల సగటు 1,600కు దగ్గరే. పంచగా మిగిలింది ఆ కాలపు లాభనష్టాల ఖాతాకే వెళ్తుంది.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది బడ్జెట్‌లోనే దాగిన ఖాళీ. నాలుగు మెషీన్లూ నిజంగా 2,000 గంటలు నడవగలవు, అప్పుడు గంటకు 600 చాలు. అంటే మా 750లో 150 రూపాయలు, రేపటి ఆర్డర్ల ఆశతో కొన్న నాలుగో మెషీన్ కోసమే. ఆ నిర్ణయం ఓనర్‌ది, భారం నేటి కస్టమర్‌ది. "మరి 1,600 గంటలకు ఆ 2,40,000 ఎక్కణ్నుంచి వస్తాయండీ?" అని అడిగారాయన. మన లాభంలోంచి సార్, అన్నాను. ఇప్పుడు నెలవారీ రిపోర్టులో దాన్ని విడిగా, ఆయన పేరు కిందే చూపిస్తున్నాను. అది చూశాకే, కరెంటు, కూలీ పోగా కాస్త మిగిలినా చాలని, నాలుగో మెషీన్‌కు బయటి జాబ్ వర్క్ పట్టడం మొదలుపెట్టారు.