ఆగస్టు 28 దగ్గర ఆగిన నా అకౌంట్స్ పేపర్: సీఏ ఇంటర్ అనుభవం

మొన్నటి ఫలితాల్లో సీఏ ఇంటర్ మొదటి గ్రూపు పూర్తి చేశాను. అంతకుముందు ప్రయత్నంలో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో 37 మార్కుల దగ్గర ఆగిపోవడానికి ఒక కారణం డివిడెండ్ లెక్క కనుక, దాని గురించే వివరంగా రాస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేటలోని గదిలో నేను చదివినవి ఒక సీనియర్ ఇచ్చిన పాత నోట్సు. బోర్డు సిఫారసు చేసిన డివిడెండ్‌ను మార్చి 31 నాటికే అప్పుగా చూపాలని అందులో ఉంది. 2016లో ఏఎస్ 4 అనే అకౌంటింగ్ ప్రమాణాన్ని సవరించడంతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు సంవత్సరాంతం తరువాత ప్రకటించిన డివిడెండ్‌ను ఆ బ్యాలెన్స్ షీట్‌లో అప్పుగా పెట్టకుండా నోట్స్‌లో మాత్రమే తెలపాలి. నేను శ్రద్ధగానే చదివాను, కానీ నోట్సు ఏ సంవత్సరానిదో చూడలేదు.

గోడకు అంటించుకొని చేసిన లెక్క ఇది. మార్చి 31, 2024న కంపెనీ ఆస్తులు 20 లక్షలు, అప్పులు 4 లక్షలు, ఈక్విటీ 16 లక్షలు. షేర్లు లక్ష. మే నెలలో బోర్డు షేరుకు 2 రూపాయలు సిఫారసు చేసింది. ఆ రోజు ఏ ఎంట్రీ లేదు, ఎందుకంటే వాటాదారులు ఆమోదించే వరకు కంపెనీకి చెల్లించే బాధ్యత ఏర్పడదు. ఆగస్టు 28న వార్షిక సర్వసభ్య సమావేశం ఆమోదించగానే నిలవ లాభాలకు 2 లక్షలు డెబిట్ చేసి, చెల్లించవలసిన డివిడెండ్‌కు క్రెడిట్ చేయాలి. దానితో ఈక్విటీ 14 లక్షలకు తగ్గి, అప్పులు 6 లక్షలకు పెరుగుతాయి. రూపాయి కూడా బయటకు పోలేదు కనుక ఆస్తులు 20 లక్షలుగానే ఉంటాయి. ఐదు రోజుల్లో ఆ సొమ్మును ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేసినా, అది ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారడమే.

సెప్టెంబరు 15న చెల్లించినప్పుడు అప్పుకు డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. ఇక్కడ నిలవ లాభాలను మళ్ళీ ముట్టుకోకూడదు. తొందరలో ముట్టుకున్నవారికి ఈక్విటీ 12 లక్షలు, అప్పులు 6 లక్షలు, ఆస్తులు 18 లక్షలు వస్తాయి. బ్యాలెన్స్ షీట్ చక్కగా సరిపోతుంది కనుక తప్పు కనబడదు. దానిని పట్టించేది చెల్లించవలసిన డివిడెండ్ ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న 2 లక్షలే. ఈసారి పరీక్షలో నేను మొదట చూసుకొన్నది ఆ ఖాతా నిలవనే.

అందరూ సొమ్ము తీసుకోరు. 5,000 రూపాయలు ఎవరూ తీసుకోలేదనుకుంటే, ప్రకటించిన 30 రోజుల తరువాత, వారం లోపల, దానిని అన్‌పెయిడ్ డివిడెండ్ ఖాతాకు మార్చాలి. అప్పుడు ఆస్తులు 18,05,000, అప్పులు 4,05,000, ఈక్విటీ 14 లక్షలు. ఏడేళ్ళ తరువాత కూడా ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళ్తుందే గాని, తిరిగి కంపెనీ లాభాల్లో కలవదు.