డబ్బు డైరీ, ఆరు వారాలు: రాత్రి పదింటి కొనుగోళ్ల లెక్క

1, 2 వారాలు: రాయడమే, మార్చడం లేదు

ఖర్చుల పద్దులో తేదీ, వస్తువు, మొత్తం ఉంటే చాలు. డబ్బు డైరీలో ఇంకో గడి కావాలి: కొనడానికి ముందు అరగంటలో ఏం జరిగింది? ఒక పద్దు ఇలా ఉంటుంది:

"మంగళవారం, రాత్రి 10:20. మంచం మీద, ఫోన్‌లో. హెడ్‌ఫోన్స్. ముందు: ఆఫీసు గ్రూపులో మెసేజ్ చూశాక. చిరాకు, పదికి 7. కొన్నాను."

ఇది అక్కడికక్కడే రాయాలి. పడుకునే ముందు గుర్తు చేసుకుని రాస్తే ప్రతిదానికీ "అవసరం పడింది" అనే కారణమే దొరుకుతుంది, ఎందుకంటే కొన్నాక మనసు తీర్పు మార్చేసుకుంటుంది. "స్ట్రెస్" అన్న మాట కూడా పనికిరాదు, అందులో అన్నీ ఇమిడిపోతాయి. చిరాకు, అలసట, ఒంటరితనం, అసూయ, సంబరం అని విడదీయాలి. సంబరాన్ని చాలామంది రాయడం మర్చిపోతారు, నిజానికి జేబుకి అదీ తక్కువేం కాదు. రాయని రోజును ఖాళీగా వదిలేయండి, ఊహించి పూరించొద్దు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది, కొనాలనిపించి కొనని సందర్భం. అదీ రాయాలి. ఎందుకో మూడో వారంలో తెలుస్తుంది.

3వ వారం: లెక్క

ఉదాహరణకి రెండు వారాల్లో 20 పద్దులు: 9 కొన్నవి, 11 కొననివి. చిరాకు 12 చోట్ల ఉంది. కొన్నవి మాత్రమే రాసి ఉంటే నేరం చిరాకు మీదే పడేది. కానీ పగటిపూట చిరాకు పడ్డ 6 సార్లలో కొన్నది ఒక్కసారే. రాత్రి, మంచం మీద, ఫోన్ చేతిలో ఉన్న 6 సార్లలో కొన్నది 5 సార్లు. అంటే చిరాకును పోగొట్టే పని పెట్టుకోనక్కర్లేదు, ఫోన్‌ను మంచం దగ్గరనుంచి తీస్తే సరి.

4వ వారం: ఒకే ఒక్క మార్పు

ఛార్జర్ పక్క గదిలోకి. కార్డు వివరాలు తీసేయడం, యాప్ తీసేయడం కూడా ఇదే వారం చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఆ మార్పుకే ఆసరాగా ఒక వాక్యం: "పది దాటాక కొనాలనిపిస్తే, వస్తువు పేరు డైరీలో రాసి మర్నాడు మధ్యాహ్నం చూస్తాను." మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించిన "ఇలా అయితే, ఇలా చేస్తాను" పద్ధతి ఇది. "కొనను" అని రాసుకుంటే చేతికి చేసే పనేమీ మిగలదు, అందుకే అది నిలవదు.

5, 6 వారాలు: ఖర్చు చోటు మారింది

రాత్రి కొనుగోళ్లు వారానికి ఒకటికి తగ్గాయి, మధ్యాహ్నానివి మూడుకి పెరిగాయి. రాత్రి రాసిన చిట్టాయే మధ్యాహ్నం షాపింగ్ జాబితా అయిపోయింది! మొత్తాలు మాత్రమే కూడితే ఇది కనిపించదు, సమయం గడి చూడాలి. సవరణ: మధ్యాహ్నం వస్తువును చూసేముందు దాని పక్కన అప్పటి మూడ్ ఎంత తీవ్రంగా ఉందో పదికి మార్కు వేయాలి. 5 దాటితే ఆ వస్తువు ఇంకో రోజు ఆగుతుంది.