గోదాం ప్రమాదం: సాక్షిని అడగడానికి ముందు రాసుకున్న ప్రశ్నలు

బుధవారం, రాత్రి.

నిన్న మధ్యాహ్నం గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ బండి బస్తాలు పేర్చిన పాలెట్‌ను రెండో అంచె ర్యాక్‌కు ఎత్తుతుండగా బస్తాలు జారి కింద పడ్డాయి. ఒక్కొక్కటి 25 కిలోల బస్తా, పాలెట్ మీద 40. వాటిలో ఒకటి కింద నిలబడి ఉన్న హమాలీ పాదం మీద పడింది. శుక్రవారంలోగా రిపోర్టు ఇవ్వాలి. కెమెరా ఆ వరస మీదికి తిరిగి లేదు. అప్పుడు దగ్గరలో ఉన్నవాళ్ళు ఇద్దరే. పక్క వరసలో బస్తాలు సర్దుతున్న ఇంకో పెద్ద వయసు హమాలీ, సరుకు లెక్క చూసి టాలీ రాసే గుమస్తా. ఈ రోజు ఆ పెద్ద హమాలీతో మాట్లాడాలి కాబట్టి పొద్దున్నంతా ప్రశ్నల కాగితంతోనే గడిచింది.

ప్రశ్నలు మొదలుపెట్టకముందే కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేశాను. ఎడమవైపు, ఎవరినీ అడగకుండా రికార్డులోంచే తెలిసేవి: లారీ గేటు దాటిన సమయం, పాలెట్ బరువు, బండి సర్వీసు తేదీ, ప్రథమ చికిత్స రిజిస్టరులో రాసిన సమయం. కుడివైపు, సాక్షి తప్ప ఇంకెవరూ చెప్పలేనివి: అతను ఎక్కడ నిలబడ్డాడు, ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఏది ముందు, ఏది తర్వాత. సాక్షిని కుడివైపువే అడగాలి. రిజిస్టరులో ఉన్న సమయాన్ని సాక్షిని అడిగితే అతను ఊహించి ఏదో చెబుతాడు. అది రిజిస్టరుతో కలవకపోతే, అతను కళ్ళారా చూసి చెప్పిన మిగతా మాటలను కూడా చదివేవాళ్ళు అనుమానిస్తారు.

కుడివైపు నేను రాసిన మొదటి ప్రశ్న ఇది: "డ్రైవర్ ఎంత స్పీడుగా వచ్చి ర్యాక్‌ను గుద్దాడు?" గోదాంలో అప్పటికే అందరూ అనుకుంటున్న మాట అదే, అది తిన్నగా కాగితం మీదికి వచ్చేసింది. ఈ ఒక్క వాక్యంలో రుజువు కాని విషయాలు మూడున్నాయి. బండి స్పీడుగా వచ్చిందన్నది ఒకటి. ర్యాక్‌కు తగిలిందన్నది రెండోది. జరిగినదంతా డ్రైవర్ చేసిందేనన్నది మూడోది. సాక్షి ఇక చెప్పాల్సింది ఒక అంకె మాత్రమే. పెద్దవాళ్ళ ముందు "అసలు తగల్లేదు సార్" అని ప్రశ్నకే ఎదురు తిరగడం చాలామందికి చేతకాదు, అంకె చెప్పేస్తారు.

"గుద్దడం" అనే క్రియ ఎంత పని చేస్తుందో 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం చూపించింది. కార్లు ఢీకొన్న దృశ్యాలను అందరికీ చూపించి, వేగం ఎంత అని అడిగారు. ప్రశ్నలో మార్చింది ఒక్క క్రియనే. "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థం వచ్చే మాటతో అడిగితే సగటు జవాబు గంటకు 40 మైళ్ళ పైనే, "తాకినప్పుడు" అన్న అర్థం వచ్చే మాటతో అడిగితే 31.8. మన భాషలోనూ తగిలింది, ఆనింది, రాసుకుంది, గుద్దింది, ఢీకొట్టింది అని ఇన్ని మెట్లున్నాయి. వాటిలో ఏదో ఒకటి సాక్షి నోటి నుంచి రావాలి గానీ నా కాగితం మీదినుంచి కాదు. అందుకే ఆ ప్రశ్న కొట్టేసి దాని చోట ఇలా రాశాను: "బండి ఈ వరసలోకి వచ్చినప్పటి నుంచి బస్తాలు కింద పడేదాకా మీరు చూసింది, విన్నది మొదటి నుంచి చెప్పండి. చిన్నదైనా వదలకండి." ఇందులో బండి వచ్చిందనీ, బస్తాలు పడ్డాయనీ రెండే ఉన్నాయి. రెండూ రికార్డులో తేలినవే.

1872 నాటి సాక్ష్య చట్టం 141వ సెక్షన్ లీడింగ్ ప్రశ్న అంటే ఏమిటో సూటిగా చెప్పింది: అడిగేవాడు కోరుకుంటున్న జవాబును, లేదా వస్తుందనుకుంటున్న జవాబును సూచించే ప్రశ్న. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఆ నిర్వచనం అలాగే ఉంది. కోర్టులో తను పిలిపించిన సాక్షినే లాయరు అలాంటి ప్రశ్న వేస్తే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెబుతాడు. గోదాం ఆఫీసు గదిలో ఆ పని చేసేవాళ్ళెవరూ ఉండరు. కాబట్టి ప్రతి ప్రశ్నకూ అభ్యంతరం ముందే, కాగితం మీదే చెప్పుకోవాలి.

అలా చూసుకుంటూ పోతే తెలుగులో వెతకాల్సిన చోట్లు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. "కదా" చివర ఉంటే కొట్టేయాలి, దానికి చర్చ అక్కర్లేదు. "హారన్ కొట్టాడా?" లాంటి ప్రశ్న అమాయకంగా కనిపిస్తుంది గానీ, దానికి "అవును సార్" అనడం తేలిక. "ఆ సమయంలో మీకు ఏయే శబ్దాలు వినిపించాయి?" అంటే హారన్ వినపడి ఉంటే అదే బయటికి వస్తుంది. వాక్యం ముందు "ఆ" చేర్చడం ఇంకా ప్రమాదం. "ఆ నూనె మరక చూశారా?" అంటే మరక ఉందని మనమే చెప్పేశాం. "నేల ఎలా ఉంది?" చాలు. "ఎందుకు" అని మొదలయ్యేవి మూడు రాశాను, మూడూ తీసేశాను. "కింద ఎందుకు నిలబడ్డాడు?" అన్నది గాయపడ్డ మనిషి మీద నింద, పైగా అతని మనసులో ఏముందో సాక్షికి తెలిసే వీలు లేదు. "అతను అక్కడ నిలబడటానికి ముందు ఏం పని చేస్తున్నాడు?" అన్నది కనిపించే విషయం.

మధ్యాహ్నం 3 గంటలకు, టీ అయ్యాక, ఆ పెద్ద హమాలీతో కూర్చున్నాను. ఆయన వయసు యాభై దాటింది, అందరూ అన్నా అనే పిలుస్తారు. మొదట చెప్పాల్సినవి రెండే మాటలు: "నేను అక్కడ లేనన్నా, నాకేమీ తెలియదు, మీరే చెప్పాలి." ఆ తర్వాత, "తెలియనిది తెలియదనే చెప్పండి, అదీ నాకు పనికొచ్చే జవాబే." ఇవి కాగితం మీద పై వరసలోనే రాసుకుంటాను, ఎందుకంటే తొందరలో మొదట మర్చిపోయేవి ఇవే. ఫొటోలు మాత్రం చూపించలేదు. ముందే చూపిస్తే జ్ఞాపకం ఏదో, ఫొటో ఏదో తర్వాత ఆయన కూడా విడదీయలేడు.

ఆయన చెప్పింది, ఆయన మాటల్లోనే: "బండి మస్తు జోరుగ వచ్చింది సార్. ర్యాక్‌కు తగిలిందట, బస్తాలన్నీ పడ్డయి. సూపర్వైజర్ సార్‌వాళ్ళు వచ్చిన్రు."

మూడు చిన్న వాక్యాలు, మూడు చోట్ల ఆగాలి. కానీ ఆయన చెబుతున్నంతసేపు మధ్యలో ఆపకూడదు. పక్కన గీత గీసుకుని, ఆయన పూర్తిగా ఆగాక, ఇంకో నాలుగైదు సెకన్లు ఊరుకుని, అప్పుడు వెనక్కి వెళ్ళాలి. మధ్యలో "ఆహాఁ", "అవునవును" అనడం కూడా మంచిది కాదు, మనం దేనికి తల ఊపుతున్నామో సాక్షి గమనిస్తాడు.

మొదట "తగిలిందట". ఆ చివరి "ట" తెలుగు మనకు ఇచ్చిన వరం. చూడనిది చెప్పేటప్పుడు మనిషి తెలియకుండానే దాన్ని చేరుస్తాడు. రాసుకునేవాళ్ళు "తగిలింది" అని రాసేసి ఆ "ట"ను మింగేస్తే, విన్న కబురు రిపోర్టులో కళ్ళారా చూసిన విషయమైపోతుంది. "అన్నా, తగిలిందని మీకు ఎలా తెలిసింది?" అని అడిగితే, "అందరంటున్రు సార్" అన్నాడు. "మీ కళ్ళతో మొదట చూసింది ఏమిటి?" అంటే, "సప్పుడు ఇని మొకం తిప్పిన. అప్పటికే బస్తాలు కింద ఉన్నయి." అంటే బస్తాలు జారిన క్షణాన్ని ఆయన చూడలేదు.

తర్వాత "జోరుగ". ముఖం తిప్పేసరికే బస్తాలు కింద ఉంటే జోరు ఎలా కనిపించింది? ఈ ప్రశ్నను ఇదే రూపంలో అడిగితే తప్పు పట్టినట్టుంటుంది. "జోరుగా వచ్చిందని దేన్ని బట్టి అనిపించిందన్నా?" అన్నాను. ఇంజను గట్టిగా మోగిందన్నాడు. ఇక్కడ బండి సంగతి తెలిసి ఉండాలి. డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్‌లో లోడ్ పైకి ఎత్తాలన్నా యాక్సిలరేటర్ తొక్కాలి, హైడ్రాలిక్ పంపు తిరిగేది ఆ ఇంజనుతోనే. బండి నిలబడి ఉన్నా ఎత్తేటప్పుడు మోత పెరుగుతుంది. కాబట్టి ఆయన చెప్పింది నిజమే, పెద్ద శబ్దం వచ్చింది. ఆ శబ్దం వేగానికి సాక్ష్యం కాదు, అంతే. ఈ వివరం మాత్రం ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన కథను దానికి సర్దుకుంటాడు.

మూడోది "వచ్చిన్రు". మర్యాదకు ఒక్కరినీ అలాగే అంటాం, పదిమందినీ అలాగే అంటాం. పైగా "సార్‌వాళ్ళు". "ఎవరెవరు వచ్చారు, పేరు పేరునా చెప్పండి" అంటే తేలింది, ఒక్క సూపర్వైజరే.

ఆ తర్వాత తెల్లకాగితం, పెన్ను ఆయనకే ఇచ్చాను. ముందే గీసిన గోదాం ప్లాను ఇస్తే దాంట్లో లేనిది ఆయనకు గుర్తు రాదు. ర్యాకులు, బండి, తను, దెబ్బ తగిలినతను ఎక్కడెక్కడ ఉన్నారో గీశాడు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం చోటుకు వెళ్ళి, ఆయన నిలబడ్డ దగ్గర నుంచి బండి నిలిచిన చోటికి టేపుతో కొలిస్తే 11 మీటర్లు. మధ్యలో కింది అంచెలో బస్తాలు ఉన్నాయి, వాటి పైనుంచి పాలెట్ పై సగమే కనిపిస్తుంది. అక్కడ నిలబడ్డాకే, నేను అడగకుండానే ఒక మాట అన్నాడు: పాలెట్‌కు చుట్టిన ప్లాస్టిక్ ఒక పక్క చినిగి వేలాడుతోందని, బండి వరసలోకి తిరిగేటప్పుడే చూశానని. నా కాగితం మీద ప్లాస్టిక్ గురించి ప్రశ్నే లేదు. ఒకవేళ ఉండి ఉంటే, "ప్లాస్టిక్ చినిగిందా?" అని అడిగి "అవును సార్" అనిపించుకునేదాన్ని, దాని విలువ ఇందులో సగం కూడా ఉండేది కాదు.

సమయం గురించి "ఎన్ని నిమిషాలు పట్టింది?" అని అడగలేదు. గాభరాలో గడిచిన సమయం చాలామందికి ఉన్నదానికంటే ఎక్కువగా గుర్తుంటుంది. లారీ తలుపు తెరవక ముందా, తర్వాతా, టీ వచ్చిందా అప్పటికి అని అడిగితే ఆయనకు తేలికగా చెప్పగలిగింది దొరికింది. నిమిషాలు గేటు రిజిస్టరు చెబుతుంది.

చివర, రాసుకున్నదంతా ఆయనకు చదివి వినిపించాను, ఆయన మాటల్లోనే, మొకాన్ని ముఖం చేయకుండా. ఒకచోట "ఎడమ పక్క చినిగింది" అని రాసి ఉంటే కుడి పక్కన్నాడు. పాత మాట కనిపించేలా ఒక్క గీతతో కొట్టి, పక్కన దిద్ది, దాని దగ్గర ఆయన సంతకం పెట్టించాను. దిద్దుబాటు కూడా రికార్డులో భాగమే.

రిపోర్టు ముసాయిదాలో ఆయన సాక్ష్యం ఇప్పుడు మూడు పేరాలు. చూసినవి: చినిగిన ప్లాస్టిక్, కింద పడ్డ బస్తాలు, దెబ్బ తగిలినతను ఉన్న చోటు. విన్నవి: ఇంజను మోత, ఆ వెంటనే పడ్డ శబ్దం. ఇతరులు చెప్పగా తెలిసినవి: ర్యాక్‌కు తగిలిందన్నది. బండి వేగం గురించి ఆయన పేరు మీద ఒక్క ముక్క కూడా లేదు.

రేపు 10 గంటలకు గుమస్తా. ఆయన్ను ప్లాస్టిక్ గురించి నేరుగా అడగకూడదు, హమాలీ ఏమన్నాడో తెలియనివ్వకూడదు. కాగితం మీద రాసుకున్నది: "ఆ పాలెట్‌ను టాలీ చేసేటప్పుడు అది మీకు ఎలా కనిపించిందో పై నుంచి కింది దాకా చెప్పండి."