ఇందోర్ తిండి ప్లాను గడియారం చూసి వేసుకోండి, పేర్లు చూసి కాదు

నిన్ననే ఇందోర్ నుంచి తిరిగొచ్చాం. నలుగురం, మూడు రాత్రులు, భోజనం దాదాపుగా బండ్ల దగ్గరే. ఎవరికీ కడుపు చెడలేదు. అయితే బయలుదేరే ముందు వేసుకున్న తిండి ప్లాను మొదటి రాత్రే తలకిందులైంది. మహాకాళేశ్వర్, ఓంకారేశ్వర్ దర్శనాలకని మనవాళ్ళు చాలామంది ఇందోర్‌లోనే దిగుతారు కాబట్టి, మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

రైలు, గది సులువుగా దొరికాయి. గది, రాత్రి తిండి బజారు సరాఫా పక్కనే ఉన్న పాత రాజభవనం రాజ్‌వాడాకు నడిచి వెళ్ళేంత దూరంలో తీసుకోండి, అర్ధరాత్రి ఆటోవాళ్ళతో బేరాలు తప్పుతాయి.

బయలుదేరే ముందు నేను తయారుచేసిన జాబితాలో 23 దుకాణాల పేర్లున్నాయి. వీడియోల్లో కనిపించినవన్నీ ఎక్కించి, పేరు ఎంత పెద్దదైతే అంత ముందు పెట్టాను. అది పనికిరాలేదు. దుకాణం పేరు కాకుండా పదార్థం పేరు రాసి, దాని పక్కన మూడే మూడు సంగతులు రాసుకోవాలి: అది ఏ గంటకు తాజాగా ఉంటుంది, వేడిగా ఇస్తారా చల్లగా ఇస్తారా, వండిన తర్వాత దాన్ని ఏ నీళ్ళు, ఎవరి చెయ్యి తాకుతాయి. వండిన పదార్థం 60 డిగ్రీల పైన గానీ 5 డిగ్రీల కింద గానీ ఉన్నంతసేపు సూక్ష్మజీవులు పెద్దగా పెరగవు. ఆ రెంటి మధ్యలో గంటల తరబడి కూర్చున్నదే ప్రమాదం. ఇలా రాసి చూస్తే నా 23 పేర్లు తొమ్మిది పదార్థాలకు తగ్గాయి.

పొద్దున పోహా, జిలేబీతో ఏ గొడవా లేదు. ఇందోర్‌లో అటుకులను తాలింపు వేసి వదిలెయ్యరు, మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద పెట్టి ఆవిరి తగులుతూ ఉంచుతారు. అందుకే చివరి ప్లేటు కూడా పొగలు కక్కుతూ వస్తుంది. పైన సన్న కారప్పూస, జీరావన్ అనే పొడి మసాలా చల్లుతారు. రెండూ పొడివే, భయం లేదు. పచ్చి ఉల్లిపాయ ముక్కలు, దానిమ్మ గింజలు మాత్రం కోసి ఎంతసేపైందో తెలియదు కాబట్టి వద్దన్నాం. ఏడున్నర, ఎనిమిది మధ్య వెళ్తే చాలు.

ఇక సరాఫా. పగలు ఇది బంగారు కొట్ల బజారు. రాత్రి ఎనిమిది ప్రాంతంలో కొట్లు మూతపడటం మొదలైతే వాటి ముందు బండ్లు వెలుస్తాయి. నేను చదివిన ప్రతిచోటా "అర్ధరాత్రి దాకా సందడి" అని రాశారు గానీ, ఏ పదార్థాన్ని ఏ గంటకు తినాలో ఒక్కరూ రాయలేదు. మేం ఎనిమిదింటికి వెళ్తే పొయ్యిలు ఇంకా అంటించలేదు. విసుగొచ్చి గదికి పోయి, మళ్ళీ పదకొండున్నరకు వచ్చాం. అప్పటికి భుజం భుజం రాసుకునేంత జనం. నేరుగా పెరుగు వడ దగ్గరికి పోయాం, ఇక్కడ దహీ బడా అంటారు. గిన్నె నిండా పెరుగు, మూత లేదు, చుట్టూ ఐసు లేదు. "ఈ పెరుగు ఎప్పటిది?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను. అతను నా మొహం కూడా చూడకుండా, లైనంతా వినేలా, "ఇంటికెళ్ళి మీ అమ్మ తోడేసిన పెరుగు తినండి బాబూజీ" అన్నాడు. నా వెనక నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. ఆ రాత్రి అక్కడ ఏమీ తినలేదు.

ఆ బండి వెనక గోడకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు వేలాడుతుంటే, కోపంతో దాన్ని ఫోటో తీసుకొచ్చి గదిలో foscos.fssai.gov.in లో వెతికాను. ఆ నంబరు 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారాలకిచ్చే రిజిస్ట్రేషన్. నంబరు సరైనదే, గడువూ ఉంది, కానీ అడ్రసు వేరే పేటది. మోసం పట్టేశానని కాసేపు సంబరపడ్డాను. తర్వాత తట్టింది. వడలు వండేది ఇంటి దగ్గర, అమ్మేది ఇక్కడ, కాబట్టి అడ్రసు వేరుగా ఉండొచ్చు. రేపు ఏమైనా జరిగితే ఎవర్ని పట్టుకోవాలో ఆ నంబరు చెబుతుంది గానీ, ఈ రాత్రి పెరుగు సంగతి చెప్పదు. నగరం సంగతీ అంతే. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017 నుంచి 2023 దాకా వరసగా మొదటి స్థానంలో నిలిచిన ఊరు, రోడ్డు మీద కాగితం ముక్క కనిపించదు. సరాఫాకూ, ఇక్కడి మరో తిండి వీధి ఛప్పన్ దుకాన్‌కూ శుభ్రమైన స్ట్రీట్ ఫుడ్ హబ్ అన్న గుర్తింపు కూడా వచ్చింది. కానీ రోడ్డు శుభ్రత వేరు, గిన్నెలో పెరుగు శుభ్రత వేరు.

కాబట్టి అడగొద్దు. రెండు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. పెరుగు అయిపోవస్తుంటే కొత్త గిన్నె తెస్తున్నారా, పాత దాని మీదే కొత్తది పోస్తున్నారా? పైన పోస్తే అడుగున ఎనిమిదింటి పెరుగు పదకొండింటికీ అలాగే ఉంటుంది. చట్నీలదీ ఇదే కథ. వడలను నానబెట్టిన నీళ్ళ లోంచి ఒట్టి చేత్తో తీసి పిండుతున్నాడా, అదే చేత్తో డబ్బులు తీసుకుంటున్నాడా? దొన్నెలో ఇస్తున్నాడా, బకెట్లో ముంచి తీసిన స్టీలు ప్లేటులోనా? ఈ చివరిది మిగతా వాటికంటే ముఖ్యం. తొమ్మిదింటికి తేటగా ఉన్న బకెట్టు నీళ్ళు పదకొండున్నరకు బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి.

దీన్నిబట్టి నా లెక్క తిరగబడింది. వేడివి ముందు తిని, చివర చల్లటివి తిని లేవడం మన అలవాటు. సరాఫాలో దానికి ఎదురు వెళ్ళాలి. పెరుగు వడ, శికంజీ లాంటి చల్లటివి తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్యే ముగించాలి. వేయించినవి పది తర్వాత తినాలి, ఎందుకంటే అప్పుడు గిరాకీ ఎక్కువ, పొయ్యి దిగింది దిగినట్టే చేతికొస్తుంది. శికంజీ అంటే నిమ్మరసం అనుకోకండి. ఇక్కడ అది యాలకులు, కుంకుమపువ్వు, గింజలు వేసిన చిక్కటి పాల పానీయం. నిమ్మరసంలో పులుపైనా కాపాడుతుంది, పాలకు ఆ కాపుదల తక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తేనే తాగండి.

వేడివాటిలోనూ ఒక మెలిక ఉంది. గరాడూ అంటే మన పెండలమే, చలికాలంలోనే దొరుకుతుంది. ముక్కల్ని ముందే ఒకసారి వేయించి కుప్ప పోసి, అడిగినప్పుడు రెండోసారి వేయిస్తారు. మన కళ్ళ ముందు మూడు నాలుగు నిమిషాలు నూనెలో ఉంటేనే లోపలి దాకా కాలుతుంది. కొబ్బరి కూరిన ఆలూ ప్యాటీస్‌ను రద్దీలో పది సెకన్లు ముంచి తీసిచ్చేస్తారు. పైన చురుక్కుమంటుంది, లోపల కొబ్బరి చల్లగా ఉంటుంది. రెండుగా విరిచి చూడండి, ఆవిరి రాకపోతే వెనక్కిచ్చి మళ్ళీ వేయించమనండి. దానికి ఎవరూ ఏమీ అనలేదు. భుట్టే కా కీస్ అనే మొక్కజొన్న కోరు, నెయ్యి, పాలల్లో ఉడికేది, పెద్ద మూకుడులో సన్న మంట మీద ఉంటుంది. అంచున ఆరిపోయింది కాకుండా మంట మీదున్న నడిమి భాగం వెయ్యమనండి. నూనె సంగతికొస్తే, నలుపు చూసి మోసపోకండి, మసాలా రాలినా నూనె నల్లబడుతుంది. సరుకు తీసేశాక కూడా నురగ అణగకపోయినా, కొత్త సరుకు వెయ్యకముందే పొగలొస్తున్నా అది అరిగిన నూనె.

ఇప్పుడు రోజుల లెక్క. నా పాత ప్లానులో మొదటి రాత్రి సరాఫాలో తిని అటునుంచి అటే ఉజ్జయిని భస్మ హారతికి పోదామని ఉంది. హారతి తెల్లవారుజామున నాలుగింటికి, ఇందోర్ నుంచి 55 కిలోమీటర్ల పైచిలుకు, అర్ధరాత్రి దాటగానే కదలాలి. నిండా నూనె పదార్థాలు తిని క్యూలో గంటల తరబడి కూర్చోవడం కుదిరే పని కాదు, అక్కడ కడుపు తిప్పితే లేచి పోవడానికీ దారుండదు. మేం చేసింది ఇది. మొదటి రాత్రి సరాఫా. రెండో రోజు పొద్దున పోహా, సాయంత్రం ఐదింటికి ఛప్పన్ దుకాన్‌లో వేడివి రెండే రెండు, ఎనిమిదింటికి నిద్ర. అర్ధరాత్రి ఉజ్జయిని. మూడో రోజు పగలంతా పడుకుని, రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ సరాఫా. నాలుగో రోజు పోహా తిని రైలు. ఓంకారేశ్వర్ ఈసారి వదిలేశాం, రెండు దర్శనాలూ, తిండీ కలిపి మూడు రాత్రుల్లో ఇరికిస్తానన్న క్యాబ్ ఏజెంట్లను నమ్మకండి.

అనుమానమున్న పదార్థాన్ని మొదటి రాత్రే తినెయ్యాలి. ఎందుకంటే, చెడ్డ పెరుగు, పాలల్లో ముందే తయారై ఉండే విషమైతే ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతుల రూపంలో బయటపడుతుంది. నీళ్ళతో వచ్చే విరేచనాలు చాలాసార్లు ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటాయి. చివరి రాత్రి తింటే అది రైల్లో బయటపడుతుంది. పైగా మూడు రోజులూ కలగలిపి తింటే ఏది చెడగొట్టిందో చెప్పలేరు, అందరూ ఆఖరున తిన్నదాన్నే తిడతారు. మేం మొదటి రాత్రి అవకాశం పోగొట్టుకున్నాం కాబట్టి, మూడో రాత్రి తొమ్మిదింటికి వేరే బండి దగ్గర ఇద్దరమే ఒక పెరుగు వడ పంచుకున్నాం. మిగతా ఇద్దరూ ముట్టలేదు, రైల్లో ఇద్దరైనా బాగుండాలి కదా.

పరిమాణం: నలుగురికీ కలిపి ఒక్కో పదార్థం ఒక్కో ప్లేటు, రాత్రికి ఐదు పదార్థాలు, అంతకు మించి వద్దు. జలేబా అనే పెద్ద జిలేబీ ఒక్కోటి పళ్ళెమంత ఉంటుంది, నలుగురికీ ఒకటి ఎక్కువే. సంచిలో సొంత చెంచాలు, సీలున్న నీళ్ళ సీసా, కాగితపు సబ్బు, లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పెట్టుకున్నాం. శానిటైజర్ జిడ్డు చేతుల మీద సరిగా పనిచెయ్యదు, సబ్బే కావాలి. నాలుగు ప్యాకెట్లూ చింపకుండానే ఇంటికి తెచ్చాను.