స్కిడ్ లైటు మినుకుమంటే ఒక లెక్క, ఆరకుండా వెలిగితే ఇంకో లెక్క: బేరింగు మార్చాక వచ్చిన ఫాల్ట్ పట్టుకున్న తీరు

కార్లలో గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, బండి జారితే పట్టుకునే ఈఎస్‌సీ పనులు చూసేవాణ్ని కాబట్టి వానాకాలం మొదలైతే నాకు వచ్చే మొదటి ప్రశ్న ఇదే. మీటర్ బోర్డులో కారు బొమ్మ, దాని వెనక వంకర గీతలు ఉన్న పసుపు లైటు వెలిగింది, బండి నడపొచ్చా? నేను తిరిగి అడిగేది ఒకటే: అది టపటపా కొట్టుకుని ఆరిపోయిందా, కదలకుండా వెలుగుతూనే ఉందా? ఆ జవాబు మీదే తర్వాతి పనంతా ఆధారపడి ఉంటుంది.

టపటపా కొట్టుకుందంటే ఈఎస్‌సీ ఆ క్షణంలో పని చేస్తోందని అర్థం. నాలుగు చక్రాల దగ్గరా వేగం చూసే సెన్సర్లు ఉంటాయి. స్టీరింగు ఎంత తిరిగిందో ఒక సెన్సర్ చెబుతుంది, బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకోటి చెబుతుంది. మీరు తిప్పిన దానికీ బండి తిరిగిన దానికీ పొంతన లేకపోయినా, ఒక చక్రం మిగతా వాటికంటే వేగంగా జారి తిరిగినా, కంప్యూటర్ ఇంజిన్ పవర్ తగ్గించి, అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. అది జరుగుతున్నంతసేపే లైటు కొట్టుకుంటుంది. పట్టు దొరకగానే ఆరిపోతుంది. ఆ కాస్త సమయంలో బానెట్ కింద నుంచి గరగరమని చప్పుడు రావచ్చు, ఎక్సలేటర్ తొక్కినా బండి లాగనట్టు అనిపించవచ్చు. రెండూ మామూలే.

మన దగ్గర ఇది ఎక్కడ కనిపిస్తుందో చెబుతాను. ఎండాకాలం తర్వాత పడే మొదటి జల్లుకి రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము కలిసి జిగటగా మారినప్పుడు. నాట్ల రోజుల్లో పొలంలోంచి ట్రాక్టర్లు మోసుకొచ్చిన మట్టి తారు మీద పరుచుకున్నప్పుడు. కోతలయ్యాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట ఒక పక్క చక్రాలు గింజల మీదికి ఎక్కినప్పుడు. ఇలాంటి చోట లైటు కొట్టుకుంటే ఎక్సలేటర్ మీద కాలు తేలిక చేసి, వెళ్లాల్సిన వైపే స్టీరింగు పట్టుకుంటే చాలు. గ్యారేజీకి రావాల్సిన పని లేదు.

కంగారుపడి ఈఎస్‌సీని ఆపే OFF బటన్ నొక్కొద్దు. బండి బురదలో దిగబడి, చక్రం తిరగనిస్తే తప్ప బయటపడదు అనుకున్నప్పుడే ఆ బటన్ అవసరం. బయటికి రాగానే మళ్లీ ఆన్ చేయాలి. బటన్ నొక్కినప్పుడు వెలిగే లైటు వేరు, దాని మీద OFF అని రాసి ఉంటుంది. లైటు ఆరడం లేదని నా దగ్గరికి తెచ్చే బండ్లలో కొన్నింటికి అసలు రోగమే ఉండదు, పొరపాటున చెయ్యి తగిలి ఆ బటన్ నొక్కుకుపోయి ఉంటుంది. ముందు అది చూసుకోండి.

పొడి రోడ్డు మీద, నిటారుగా, ఒకే వేగంతో పోతుంటే లైటు కొట్టుకోవడం మాత్రం మామూలు కాదు. నాలుగు టైర్లలో ఒకటి వేరే సైజు అయినా, ఒకదాంట్లో గాలి బాగా తగ్గినా, స్టీరింగు సెన్సర్ సున్నా తప్పినా అలా అవుతుంది. గాలి, టైరు పక్కన రాసున్న సైజు ముందు చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక ఆరకుండా వెలిగే లైటు సంగతి. దీని అర్థం ఈఎస్‌సీ తనంతట తాను పక్కకి తప్పుకుందని. మామూలు బ్రేకులు పని చేస్తాయి, కానీ బండి జారితే పట్టుకునే తోడు ఉండదు. దాంతోపాటు ఏబీఎస్ లైటూ వెలిగితే గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోవచ్చు. ఆ రెండింటికీ ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే బండి పక్కకి ఆపి బ్రేకు ఆయిలు చూడాలి, అలాగే నడపకూడదు.

ఈ మధ్య చూసిన ఒక బండి సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ఫాల్ట్ చాలామందితో అనవసరంగా సెన్సర్లు కొనిపిస్తుంది. ముందు ఎడమ చక్రం హోరుమంటోందని బయట ఒక గ్యారేజీలో బేరింగు మార్పించారు. "సౌండు పోయిందండి, కానీ ఈ లైట్లు పట్టుకున్నాయి. సెన్సర్ పోయిందన్నారు, కొత్తది వేశారు, అయినా ఆరట్లేదు," అన్నారు ఓనరు.

ముందు లైటు ఎప్పుడు వెలుగుతోందో చూశాను. తాళం ఆన్ చేయగానే అన్ని లైట్లతో పాటు వెలిగి, మూడు సెకన్లలో ఆరింది. కదిలి కొంచెం వేగం అందుకోగానే ఈఎస్‌సీ, ఏబీఎస్ రెండూ వెలిగి ఇక ఆరలేదు. ఇక్కడే సగం సమాధానం ఉంది. వైరు తెగినా, కప్లర్ ఊడినా కంప్యూటర్‌కి తాళం ఆన్ చేయగానే తెలిసిపోతుంది, బండి కదలకముందే లైటు నిలబడిపోతుంది. కదిలాక వెలిగిందంటే వైరు బాగానే ఉంది, కానీ చక్రం తిరుగుతున్న కబురు రావడం లేదు.

స్కానర్ పెట్టాను. ఒక మాట: తక్కువ ధరకి దొరికే బ్లూటూత్ స్కానర్లలో చాలావాటికి ఇంజిన్ కోడ్లే తెలుస్తాయి, ఏబీఎస్‌లోకి వెళ్లగలిగే స్కానర్ కావాలి. ఈ బండిలో కోడ్ C1202 అని వచ్చింది, అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్ నుంచి సిగ్నల్ లేదు. అదే బండిలో వైరు తెగితే వచ్చే కోడ్ C1200. కోడ్ నంబర్లు కంపెనీని బట్టి మారతాయి, కానీ "సర్క్యూట్ తెగింది", "సిగ్నల్ లేదు" అనే తేడా మాత్రం అన్నింటిలోనూ ఉంటుంది. చాలామంది ఆ తేడా చదవకుండా "సెన్సర్" అన్న మాట చూసి కొత్తది తెప్పిస్తారు. తర్వాత లైవ్ డేటా పెట్టి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని మెల్లగా నడిపితే మూడు చక్రాలు 18, 19 అలా చూపిస్తుంటే ఎడమ ముందు చక్రం సున్నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడొచ్చే కార్లలో ఈ సెన్సర్ రెండు వైర్లదే అయినా లోపల చిన్న చిప్ ఉంటుంది. పాత రకం సెన్సర్‌కి చేసినట్టు ఓమ్స్ కొలిచి "బాగుంది, పోయింది" అని చెప్పడానికి కుదరదు. కంప్యూటర్ నుంచి దానికి సుమారు బ్యాటరీ వోల్టేజి వస్తుంది, సెన్సర్ తన గుండా పారే కరెంటుని 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుస్తూ కబురు పంపుతుంది. తాళం తీసేసి, మల్టీమీటరుని సిరీస్‌లో కలిపి, మళ్లీ ఆన్ చేసి చక్రాన్ని చేత్తో చాలా మెల్లగా తిప్పాను. మీటరు 7 దగ్గర పాతుకుపోయింది. చక్రం తిరుగుతోంది, అంకె కదలడం లేదు.

ఆ సెన్సర్ చూసేది దేన్ని? పాత బండ్లలో పళ్ల చక్రం ఉండేది, కంటికి కనపడేది. ఇలాంటి బండ్లలో బేరింగు ఒక పక్క సీలులోనే అయస్కాంతపు పట్టీ దాగి ఉంటుంది, ఉత్తర దక్షిణ ధ్రువాలు వరసగా ఒకదాని పక్కన ఒకటి. చూడ్డానికి మామూలు రబ్బరు సీలులాగే ఉంటుంది. ఆ పక్క సెన్సర్ వైపు, అంటే ఇంజిన్ వైపు ఉండాలి. బేరింగు రెండు పక్కలా ఒకేలా నొక్కుకుపోతుంది కాబట్టి, తిరగేసి ఎక్కించినా ప్రెస్ అడ్డుపడదు. చక్రం చప్పుడు లేకుండా తిరుగుతుంది. సిగ్నల్ మాత్రం రాదు.

బేరింగు విప్పేముందే రుజువు చేసుకోవచ్చు. సెన్సర్ బోల్టు తీసి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, దారానికి కట్టిన స్టేపులర్ పిన్నుని సీలుకి తాకించాను. పట్టీ ఉన్న వైపైతే అది కొద్దిగా అతుక్కోవాలి. ఇక్కడ జారిపోయింది. తర్వాత సెన్సర్‌ని మీటరుకే ఉంచి, దాని ముక్కు ముందు కొత్త బేరింగు పట్టీ వైపుని ఒక మిల్లీమీటరు దూరంలో పెట్టి వేలితో తిప్పాను. 7, 14, 7, 14. సెన్సర్‌కి ఏమీ కాలేదు. ఈ పరీక్ష చూశాకే ఓనరుకి నమ్మకం కుదిరింది. కొత్త బేరింగు ఏ పక్క పట్టీ ఉందో తెలియకపోతే అయస్కాంతపు గీతలు చూపించే చిన్న ఆకుపచ్చ కార్డు దొరుకుతుంది, సీలు మీద ఆనిస్తే గీతలు గీతలుగా కనిపిస్తుంది. మెకానిక్కుల దగ్గర తప్పక ఉండాల్సిన వస్తువు అది.

తిరగబడ్డ బేరింగుని తీసి సరిచేసి మళ్లీ వేయొచ్చు కదా అని అడుగుతారు. వేయకూడదు. బయటికి లాగేటప్పుడు ఆ బలమంతా గుండ్ల మీద పడి లోపలి దారిలో నొక్కులు పడతాయి, కొన్నాళ్లకే మళ్లీ హోరు మొదలవుతుంది. కొత్తదే తీసుకుని లేత్ షాపులో ప్రెస్ మీద ఎక్కించాం. బేరింగు కూర్చునే భాగమైన నకుల్‌లోకి నొక్కేటప్పుడు దాని బయటి రింగు మీదే బలం పడాలి, చక్రం బిగించే హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకి కింద ఆసరా ఉండాలి. పట్టీ వైపు సుత్తి తగలకూడదు, అయస్కాంతం ఉన్న ట్రేలో ఆ బేరింగు పెట్టకూడదు. సెన్సర్ రంధ్రంలో తుప్పు, ఇనుప రజను తుడిచి, ముక్కు శుభ్రం చేసి బిగించాం. యాక్సిల్ నట్టు కొత్తది, బిగింపు కంపెనీ చెప్పిన టార్క్‌కే.

బిగించాక లైటు వెంటనే ఆరలేదని కంగారు అక్కర్లేదు. కోడ్ చెరిపాక కూడా చాలా బండ్లలో చక్రం నుంచి సరైన సిగ్నల్ ఒకసారి వచ్చేదాకా లైటు ఉంటుంది. కొంచెం దూరం నడిపేసరికి ఏబీఎస్ లైటు, దాంతోపాటే ఈఎస్‌సీ లైటు ఆరాయి, నాలుగు చక్రాల వేగం ఒక్కలాగే కనిపించింది.

పని అక్కడితో అయిపోలేదు. నకుల్ విప్పినప్పుడు సస్పెన్షన్ బోల్టులు కదులుతాయి కాబట్టి వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. అది అయ్యాక బండి తిన్నగా పోతున్నప్పుడు స్కానర్‌లో స్టీరింగు కోణం సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. ఈ బండిలో స్టీరింగు తిన్నగా ఉన్నా కోణం పక్కకి చూపించింది. అలా వదిలేస్తే బండి తిన్నగా పోతుంటే మీరు తిప్పుతున్నారని కంప్యూటర్ అనుకుంటుంది, పొడి రోడ్డు మీద లైటు కొట్టుకోవడం మొదలవుతుంది. చదునైన చోట చక్రాలు తిన్నగా పెట్టి స్కానర్‌తో స్టీరింగు సెన్సర్‌కి సున్నా పెట్టాను.

ఈఎస్‌సీ పని చేస్తోందో లేదో చూద్దామని రోడ్డు మీద స్టీరింగు అటూ ఇటూ కొట్టి పరీక్షించొద్దు. నాలుగు చక్రాల వేగం, స్టీరింగు కోణం లైవ్ డేటాలో సరిగ్గా వస్తుంటే చాలు. బ్రేకు తొక్కినప్పుడు వెనక లైట్లు వెలిగి, వదిలితే ఆరుతున్నాయా అన్నదీ చూశాను, ఎందుకంటే పెడల్ దగ్గరి స్విచ్చి పాడైనా ఇదే పసుపు లైటు నిలబడిపోతుంది. ఓనరుకి చివరగా చెప్పింది, వారం నడిపాక ఒకసారి రమ్మని. లైటు వెలగకపోయినా కోడ్ మెమరీలో ఏమైనా కొత్తగా చేరిందేమో చూడాలి, కప్లర్ వదులుగా ఉంటే గతుకుల రోడ్డు మీద అలా అప్పుడప్పుడు తెగే ఫాల్ట్ ముందు అక్కడే పడుతుంది.