ఉభాల పాట, ఒక గాంధారం, సంగీత శాఖకి ఈమెయిల్

ఈ రోజు ఆదివారం. భోజనాలయ్యాక కూర్చుని విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సంగీత శాఖకి ఈమెయిల్ రాశాను. పార్వతీపురం వైపు మా అమ్మ పుట్టింటి ఊళ్లో, ఉభాలప్పుడు, అంటే వరి నాట్లప్పుడు, రికార్డు చేసుకొచ్చిన పాట గురించి. మడిలో ఒక పెద్దావిడ వరస ఎత్తుకుంటుంది, నాట్లు వేస్తూనే మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. చిన్నప్పటి నుంచీ ఊరికి వెళ్తున్నా ఈ వరస నేనెప్పుడూ వినలేదు. మా అమ్మ కూడా వినలేదంది.

"ఇది ఏ రాగమో చెప్పండి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. పాటంతా స, రి, గ, మ, ప అనే అయిదు స్వరాల్లోనే తిరుగుతుంది. పైకి, ధైవతం, నిషాదం దాకా పోనే పోదు. రిషభం చతుశ్శ్రుతి, మధ్యమం శుద్ధం. ఇక్కడికి స్పష్టంగానే ఉంది. ఈ రిషభం పక్కన గ, అంటే గాంధారం, రెండు రకాలుగా రావచ్చు: కాస్త కిందది సాధారణం, పైది అంతరం. సాధారణమైతే ఈ కింది సగం వేద చక్రం అనే గుంపులోని ఆరు మేళకర్తలకూ, అంటే మూల రాగాలకూ, ఒకటే, అంటే నటభైరవీ అవ్వచ్చు, ఖరహరప్రియా అవ్వచ్చు. అంతర గాంధారమైతే బాణ చక్రంలోని ఆరింటికీ ఒకటే, హరికాంభోజీ అవ్వచ్చు, శంకరాభరణమూ అవ్వచ్చు. పై స్వరాలు లేని పాటకి రాగం పేరు పెట్టమంటే ఎంత పెద్ద విద్వాంసులైనా ఏం పెడతారు? పైగా ఆవిడ పాడే గాంధారం ఈ రెండూ కాదు. రెంటికీ మధ్యలో నిలబడుతుంది. నా ప్రశ్నంతా దాని గురించే.

చెవికి అలా అనిపిస్తోందని రాస్తే చాలదు కాబట్టి ముందు కొలిచాను. సోనిక్ విజువలైజర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. పాటని అందులో తెరిస్తే స్వరం ఎక్కడుందో గీతలా కనిపిస్తుంది. మొదటి చరణంలో ఆవిడ షడ్జం, అంటే స, దాదాపు 208 హెర్ట్జ్. ఆ లెక్కన సాధారణ గాంధారం 250 దగ్గర, అంతర గాంధారం 260 దగ్గర పడాలి. ఆవిడ ఆగింది 254 దగ్గర. ఆగిన చోట్లే తీసుకున్నాను. మధ్యమం నుంచి జారుతూ వచ్చిన చోట్ల గీత నిలకడగా ఉండదు, అక్కడ ఏ అంకె కావాలంటే ఆ అంకె దొరుకుతుంది.

ఆఖరి చరణంలో అదే గాంధారం 268 దాటింది. 208ని షడ్జంగా పెట్టుకుని చూస్తే అంతర గాంధారాన్ని కూడా దాటేసి మధ్యమం వైపు నడిచినట్టు ఉంటుంది. అసలు సంగతి వేరు. తంబూరా లేకుండా, వంగి పనిచేస్తూ అంతసేపు పాడేసరికి శ్రుతి మెల్లగా పైకి పాకింది. ఆఖరి చరణంలో షడ్జం కూడా 220కి చేరింది, అంటే దాదాపు అర స్వరం పెరిగింది. 220 నుంచి లెక్కేస్తే రెండు గాంధారాలూ 264, 275 దగ్గరుండాలి. ఆవిడది మళ్లీ మధ్యలోనే, మొదటి చరణంలో ఉన్న చోటే! ఏ చరణానికి ఆ చరణంలోని షడ్జాన్నే పట్టుకోవాలి. ఇది చూశాక నాకు చాలా సంతోషమేసింది. గొంతు అదుపు తప్పి అలా వచ్చిన స్వరమైతే శ్రుతి మారినా ఆ దూరం అలాగే ఉండదు కదా.

ఇంకో అనుమానం బోరు మోటారు. చేను పక్కనే ఆడుతోంది. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటారు రొద 100, 200, 300 దగ్గర బలంగా ఉంటుంది. 200 అంటే షడ్జానికి బాగా దగ్గర, సాఫ్ట్‌వేర్ గొంతుని వదిలేసి రొదని పట్టుకునే ప్రమాదం ఉంది. గుర్తుపట్టడం కష్టం కాదు. ఆడవాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కూడా బొమ్మలో కదలకుండా ఉండిపోయే గీత మోటారుది. అందుకే ఆ రోజు సాయంత్రం, వరస ఎత్తుకున్న పెద్దమ్మ ఇంటికి వెళ్లి ఆవిడ ఒక్కదాని చేత మళ్లీ పాడించాను. "ఇంట్లో కూకుంటే పాట రాదమ్మా, వంగితేనే వస్తాది" అంటూనే పాడింది. నిజంగానే నడక మారిపోయింది. మడిలో మూడూ నాలుగుగా ఏడు దెబ్బలకి నాటుకుంటూ సాగిన పాట ఇంట్లో సాగదీసినట్టు వచ్చింది, తాళం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. గాంధారం మాత్రం అక్కడే ఉంది. అందుకని రెండు రికార్డింగులూ పంపుతున్నాను, నడకకి మడిలోది, స్వరానికి ఇంట్లోది.

వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోవచ్చు కాబట్టి అసలు వేవ్ ఫైళ్లనే డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చాను. శబ్దం శుభ్రం చేసే ఫిల్టర్లు వేయలేదు. వాటితో మోటారు పోతుంది, దాంతోపాటు దూరంగా ఉన్నవాళ్లు అందుకునే వంతపాట కూడా పోతుంది.

ఈమెయిల్లో ముఖ్యమైన భాగం ఇక్కడ కూడా రాసుకుంటున్నాను:

"అయ్యా/అమ్మా, జతచేసిన లింకులో రెండు ఫైళ్లున్నాయి. వరి ఉభాల్లో ఆడవాళ్లు పాడుకునే పాట. పాడినావిడకి డెబ్బై దాటాయి, తన అత్తగారి దగ్గర నేర్చుకున్నానని చెప్పారు. మడిలో రికార్డింగు 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర, ఇంట్లోది 40 సెకన్ల దగ్గర వింటే నేనడిగే గాంధారం తేటగా వినిపిస్తుంది. అది సాధారణ, అంతర గాంధారాలకి మధ్యలో ఉన్నట్టు నా కొలత. అదే ఊళ్లో ఇంకొకావిడ ఒంటరిగా పాడినప్పుడు కాస్త కిందగా, సాధారణ గాంధారానికి దగ్గరగా వచ్చింది. కాబట్టి ఇది ఊరి వరసో, ఈవిడ ఒక్కరి పాడే తీరో నేను తేల్చలేకపోతున్నాను. ఉత్తరాంధ్ర పనిపాటల్లో ఇలాంటి గాంధారం మీరు విన్నారా? మీ దగ్గర ఈ ప్రాంతపు పాత రికార్డింగులేమైనా ఉంటే పోల్చి చూడటానికి వీలవుతుందా?"

రాగం పేరు అడగలేదు. స్వరపరిచి ఇవ్వమని కూడా అడగలేదు. స, రి, గ, మ అని కాగితం మీద రాయగానే ఆ గాంధారం ఏదో ఒక వైపుకి చేరిపోతుంది, హార్మోనియం మీద వాయించినా అంతే, మధ్యలో మెట్టు లేదు. రాసి ఇవ్వాల్సి వస్తే గ పక్కన బాణం గుర్తు పెట్టి, కింద హెర్ట్జ్ అంకె వేస్తాను.

వంతపాటలో గాంధారం ఎక్కడుందో మాత్రం ఈ రికార్డింగుతో తెలియదు. అయిదారు గొంతులు కలిసిపోతే సాఫ్ట్‌వేర్‌కి ఒక గీత దొరకదు. ఒక్కొక్కరి దగ్గరా విడిగా మైకు పెట్టాలి, లేదా ఒక్కొక్కరి చేతా విడిగా పాడించాలి. యూనివర్సిటీ నుంచి ఎవరైనా విద్యార్థి వస్తామంటే వచ్చే ఉభాలకి తీసుకెళ్తాను. జూలై ఆఖరు, ఆగస్టు నెలల్లో, వానని బట్టి. ఈ విషయం కూడా కింద రాశాను.

పంపే ముందు పెద్దమ్మకి ఫోన్ చేశాను. యూనివర్సిటీ వాళ్లు వింటారు, దాచుకుంటామంటే దాచుకోనివ్వమంటావా అని అడిగాను. "ఇననీమ్మా, దాసుకోనీ. నా బొమ్మ మాత్రం ఎయ్యొద్దు" అంది. పేరు రాయొచ్చా అంటే కోడల్ని అడిగి చెప్తానంది. అందుకని పేరు లేకుండా, ఊరు, పంట కాలం, వయసు మాత్రమే రాసి, అనుమతి ఎంతవరకు ఉందో ఒక వాక్యం చేర్చి పంపించాను. కోడలు ఒప్పుకుంటే పేరుతో ఇంకో ఉత్తరం పంపాలి.